నేను రాయని ఉత్తరాలు

జీడిమెట్లలోని మందుల ఫ్యాక్టరీల్లో ఒక సరుకు తీసిన రియాక్టర్‌లో ఇంకో సరుకు వండాలంటే ముందు దాన్ని కడగాలి. దేని తరువాత ఏది వండితే ఎన్ని గంటలు కడగాలో, దేనితో కడగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. మా సార్ ఆరేళ్లు ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఇన్‌ఛార్జిగా నిలబడి, కడిగేవాళ్ల పక్కన కూర్చుని, ఆ లెక్కంతా ఒక పట్టికగా రాసుకున్నారు. కడుగుడు తక్కువ పడేలా ఏ సరుకు ముందు, ఏది వెనక అని చెప్పే సాఫ్ట్‌వేర్ చేయించి ఫ్యాక్టరీలకు అమ్మాలన్నది ఆయన ఆలోచన. ఉద్యోగం మానేసి కంపెనీ పెట్టారు. అందులో ఆయన తరువాత రెండో మనిషిని నేను. కెమిస్ట్రీ చదివి, అంతకుముందు ఒక ల్యాబ్‌లో రికార్డులు రాసేదాన్ని.

మాకు ప్రోగ్రామర్లు లేరు. మాదాపూర్‌లో రాళ్ల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని అప్పగించాం. వాళ్లకు మాలాంటి ఖాతాదారులు ఇంకా చాలామంది ఉన్నారు. అందుకే వకీలు చేత రహస్యాల ఒప్పందం రాయించి సంతకాలు పెట్టించారు సార్.

ఆ ఒప్పందంలో ఒక షరతు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మేము కాగితం మీదో ఫ్లాపీ మీదో ఇచ్చే ప్రతిదాని మీదా ‘రహస్యం’ అని ముద్ర ఉండాలి. నోటితో చెప్పినదైనా, బోర్డు మీద రాసి చూపినదైనా, చెప్పిన ముప్పై రోజుల్లోపు దాని సారాంశం ఉత్తరంగా రాసి వాళ్లకు అందజేయాలి. అందజేయకపోతే దాన్ని రహస్యంగా దాచాల్సిన బాధ్యత వాళ్లకు లేదు.

“ఈ పని నీదమ్మా,” అన్నారు సార్. “నాకు యాది ఉండదు. నువ్వైతే గిట్లాంటివి మరువవు.”

ఫ్లాపీలన్నిటికీ ముద్రలు వేశాను. ఏ తేదీన ఏ ఫ్లాపీ ఇచ్చానో పుస్తకంలో రాసి, వాళ్ల చేత సంతకం తీసుకున్నాను. అంతవరకు నా తప్పు లేదు.

మా పని చూసే ప్రాజెక్టు లీడర్ కోస్తా నుంచి వచ్చినవాడు. మొదటి సమావేశం అయ్యాక నా చేతిలోని బైబిలు సంచి చూసి, “మీరు విశ్వాసులాండి?” అని అడిగాడు. శేరిలింగంపల్లిలో మేము ఆదివారం కూడుకునే సంఘం పేరు చెప్పాను. రెండు వారాలకు భార్యను తీసుకుని అక్కడికే వచ్చాడు. గొంతు బాగుండేది. మూడో నెలకల్లా పాటలు ఎత్తుకునేది అతనే. నన్ను సిస్టర్ అనేవాడు. నేను బ్రదర్ అనేదాన్ని. విశ్వాసి మాటకు ఒట్టు అక్కర్లేదని, సాక్షి అక్కర్లేదని నేర్పిన ఇంట్లో పెరిగినదాన్ని నేను. అయిదేళ్ల వయసు నుంచి అధ్యాయాలు అప్పజెప్పాను. ఆ నేర్పులో తప్పేమీ లేదని ఇవాళ కూడా నమ్ముతాను. దాన్ని ఎవరికి వర్తింపజేశానన్నదే తప్పు.

ఫ్లాపీల్లో ఉన్నది పట్టికలో సగమే. మిగతా సగం సార్ తలలో ఉండేది. ఆయన చెబితే నేను నోట్సు రాసుకుని, గురువారం గురువారం మాదాపూర్ వెళ్లి వాళ్ల గదిలో తెల్లబోర్డు మీద వేసి వివరించేదాన్ని. అలా ఏడు గురువారాలు. మొదటి గురువారం తరువాత ఉత్తరం టైపు చేసి, ముద్ర వేసి తీసుకెళ్లాను. అతను చదివి నవ్వాడు.

“ఏంటి సిస్టర్, మొన్న ఆదివారమేగా పక్కపక్కన కూర్చుని ప్రార్థన చేశాం. మన మధ్య కూడా ఈ కాగితాలేంటండి?”

“ఒప్పందంలో ఉంది కదా బ్రదర్.”

“ఒప్పందం బయటి లోకస్థుల కోసం అండి, విశ్వాసులకు కాదు. అయినా మీ ఇష్టం. ఇవ్వండి, సంతకం పెడతాను.”

సంతకం పెట్టాడు. నాకు సిగ్గేసింది. సొంత తమ్ముడి జేబు తడిమినట్టు అనిపించింది. రెండో గురువారం నుంచి ఉత్తరాలు రాయడం మానేశాను. సార్‌కు చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. మరువదని అప్పగించిన మనిషి మరవలేదు, కావాలనే మానేసింది. ఈ వాక్యం రాస్తుంటే ఇన్నేళ్ల తరువాత కూడా నా మీద నాకే రోత పుడుతుంది.

పని పూర్తి కావచ్చింది. పరీక్షించి చూడడానికి ఒక ఉదయం మాదాపూర్ వెళ్లాను. మాకిచ్చిన కంప్యూటర్ మొరాయిస్తుంటే పక్క వరుసలో కూర్చోమన్నారు. ఆ పక్క కంప్యూటర్‌లో ఎవరో తెరిచి వదిలేసిన తెర ఒకటి కనబడింది. రంగులు వేరు, పైన వేరే కంపెనీ గుర్తు. కింద మాత్రం పట్టిక. ఒక వరుస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. పసుపు సరుకు తరువాత తెల్ల సరుకు, ముందు మిథనాల్, తరువాత నీళ్లు, పంతొమ్మిది గంటలు.

రసాయనం ప్రకారం ఆ కడుగుడుకు పన్నెండు గంటలు చాలు. పంతొమ్మిది ఎందుకంటే, సార్ లెక్క తీసుకున్న ఫ్యాక్టరీలో ఆ రియాక్టర్ అడుగు వాల్వు పాతది. అందులో పసుపు ఇరుక్కుంటుంది. అది ప్రపంచంలో ఆ ఒక్క వాల్వు వల్ల వచ్చిన లెక్క. నాలుగో గురువారం నేనే బోర్డు మీద రాసి, వాల్వు సంగతి కూడా చెప్పి, మా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని విడిగా చూపమన్నాను. ఇక్కడ వాల్వు లేదు, వివరణ లేదు, అంకె మాత్రం ఉంది.

కిందికి జరిపి చూశాను. ఫ్లాపీల్లోవీ ఉన్నాయి, బోర్డు మీదవీ ఉన్నాయి. ఇలాంటి సాఫ్ట్‌వేరే చేయించి ఫ్యాక్టరీలకు అమ్మబోతున్న ఇంకో పెద్ద కంపెనీకి మా పట్టిక ఎక్కించి ఇస్తున్నారు.

అతన్ని పిలిచి తెర చూపించాను. ముఖం కొంచెం కూడా మారలేదు.

“అది శాంపిల్ డేటా సిస్టర్. మా దగ్గర చేసిన పనంతా ఒక లైబ్రరీలో పెడతాం. కొత్త ప్రాజెక్టు వస్తే అందులోంచి తీసుకుంటాం. ఇక్కడ అందరూ అలాగే చేస్తారండి.”

“అది మీ కోడు కాదు బ్రదర్. మా సార్ ఆరేళ్ల కష్టం.”

“మీరు బోర్డు మీద రాసి చెప్పారు కదండి. మా పిల్లలు నేర్చుకున్నారు. నేర్చుకున్నది మరిచిపొమ్మంటే ఎలా?”

ఆ మాటలో ఎక్కడా తడబాటు లేదు. ఉత్తరాలు లేవన్న సంగతి అతనికి నాకంటే బాగా గుర్తుంది. పాట ఎత్తుకునే ఆ గొంతుతోనే, అంతే మృదువుగా చెబుతున్నాడు. బస్సెక్కి జీడిమెట్ల చేరేదాకా నోట్లో చేదు పోలేదు.

సార్‌కు అంతా చెప్పాను, ఉత్తరాల సంగతి తప్ప. మరునాడు వకీలు దగ్గర కూర్చున్నప్పుడు అదీ బయటపడింది.

“మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేకంగా చట్టం లేదండి,” అన్నాడు వకీలు. “నమ్మకద్రోహమని కోర్టు వినొచ్చు. కానీ ముందు చూసేది మీ ఒప్పందమే. ముద్ర ఉన్న ఫ్లాపీలకు ఫికర్ లేదు, వాళ్లు వాడకుండా సిటీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడుగుదాం. ఆ బోర్డు మీద చెప్పినవాటికి ఉత్తరాలు ఉన్నాయి కదా?”

“ఒక్కటుంది,” అన్నాను.

“మిగతా ఆరు?”

“ఇవ్వలేదు,” అన్నాను. సార్ నా వైపు తిరిగారు.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి అడిగారు. “ఏందమ్మా గిట్ల చేసినవ్?”

“అతను విశ్వాసి అనుకున్నాను సార్.”

“నేను గాదా? నా దేవుడు వేరైతే నా కష్టం కష్టం గాదా?”

ఆయన వెనకే మెట్లు దిగాను.

ఆఫీసుకు వచ్చాక తలుపు వేసి, మెల్లగా చెప్పారు. “ఆరు ఉత్తరాలు ఇయ్యాల టైపు చెయ్. పాత తేదీలు వెయ్. పంపినం, వాళ్లు పారేసిన్రు అందాం. నీ ఫ్లాపీల పుస్తకంల ఖాళీ పంక్తులు ఉన్నయ్ గద.”

“అది దొంగ సాక్ష్యం సార్.”

“వాడు చేసింది ఏంది మరి?”

“అది దొంగతనం. ఇది నేను చేసేది.”

“వాడికి తమ్ముడని ఉత్తరాలు ఇయ్యకపోతివి. నాకేమో సత్యమని ఉత్తరాలు రాయవైతివి. నీ భక్తి ఎటు తిరిగినా నా మీదనే పడ్తది.”

అది నా మీద ఎవరైనా వేసిన మాటల్లో అన్నిటికంటే నిజమైనది. అయినా ఆ ఉత్తరాలు టైపు చేయలేదు. కాగితం టైపు మిషన్‌లో పెట్టి కూర్చుని జరిగింది జరిగినట్టు రాశాను. ఏ గురువారం ఏమి చెప్పానో, ఏ ఒక్కదానికి ఉత్తరం ఇచ్చానో, మిగతా ఆరింటికి ఎందుకు ఇవ్వలేదో. వకీలుకు అదే ఇచ్చాను. ఆయన చదివి, “ఇది వాళ్ల చేతికి పోతే వాళ్లకే లాభం,” అన్నాడు. తరువాత, “కానీ పాత తేదీల ఉత్తరాలు పెట్టి దొరికిపోయుంటే ఫ్లాపీలు కూడా పోయేవి,” అన్నాడు. పక్కనే ఉన్న సార్ లేచి బయటికి నడిచారు.

వకీలు నోటీసు వెళ్లాక వచ్చిన ఆదివారం, కూడిక అయ్యాక అతను చెప్పులు వేసుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు.

“సిస్టర్, విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెళ్లడం వాక్యానుసారం కాదు కదండి. పెద్దల దగ్గర కూర్చుని తేల్చుకుందాం.”

“పట్టిక మా సార్‌ది. ఆయన మన పెద్దల దగ్గరికి ఎందుకు రావాలి?”

“మీరు చెబితే ఆగుతారు కదా.”

వాక్యం అతని నోట్లో ఆ రోజు నాకు కుళ్లిన పండులా అనిపించింది. తొక్క మీద మచ్చ లేదు, వాసన మాత్రం వస్తోంది. “వాక్యం తెలిసినవాడివి కాబట్టే నీకు ఎక్కువ శిక్ష,” అని చెప్పి వచ్చేశాను. అప్పటిదాకా అతన్ని నేను మీరు అనేదాన్ని.

కేసు కోర్టుదాకా వెళ్లలేదు. ముద్ర వేసిన ఫ్లాపీల జాబితా, దాని మీద తమ మనిషి సంతకాలు చూసి వాళ్ల పెద్దలు దిగివచ్చారు. పొరపాటు జరిగిందని రాసిచ్చారు. ఫ్లాపీల్లోని వరుసలు, మొదటి గురువారం ఉత్తరంలోని వరుసలు రెండో కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి, తమ లైబ్రరీ నుంచి తీసేశారు. నా కళ్లెదుటే తీసేసి, సాక్షిగా నా సంతకం తీసుకున్నారు. మిగతా ఆరు గురువారాల వరుసలు తెర మీద అలాగే ఉన్నాయి. పంతొమ్మిది గంటలు కూడా అందులోనే ఉంది. వాటినీ తీసేయమనడానికి నా చేతిలో ఉత్తరాలు లేవు.

మా సాఫ్ట్‌వేర్ కొన్ని నెలలకు తయారైంది. సార్ నన్ను ఉద్యోగం నుంచి తీసేయలేదు. అలా అని అంతకుముందులా నాతో నవ్వనూ లేదు. మొదట అమ్మాలనుకున్న ఫ్యాక్టరీకి ఇద్దరం వెళ్లాం. సార్‌ని చూసి అక్కడి సూపర్‌వైజర్ సంతోషపడ్డాడు. ఒకప్పుడు సార్ దగ్గర పనిచేసినవాడే. కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు.

“సార్, జర లేటు చేసిన్రు,” అన్నాడు. “పోయిన నెలనే గిట్లాంటిదే ఒకటి తీసుకున్నం. పెద్ద కంపెనీది.”

“ఎట్లున్నది?” అడిగారు సార్.

“సగం కడుగుళ్లకు ఏం చెప్పది. అవి మేమే ఎక్కించుకోవాలె. కానీ మిగతా సగం మంచిగ చెప్తది సార్. అచ్చం మీరు పక్కన నిలబడి చెప్పినట్టే ఉంటది.”

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. సార్ చాయ్ సాంతం తాగారు, కప్పు సాసర్‌లో పెట్టారు, ఇంటిల్లిపాదిని పేరుపేరునా అడిగారు. గేటు దాటాక స్కూటర్ స్టార్టు చేసి నన్ను ఎక్కమన్నారు. షాపూర్‌నగర్ దాకా ఆయన వీపు వెనక కూర్చుని నేను ప్రార్థన చేయబోయాను. రాయని ఆ ఆరు ఉత్తరాలే వరుసగా గుర్తొచ్చాయి.