సొంత లాగిన్‌తో పెట్టిన ఆర్డర్లు

గాజియాబాద్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్నల్ ఆడిట్ నా ఉద్యోగం. ప్రతి నెలా సప్లయర్లకు పెట్టిన ఆర్డర్లు, వాళ్ళ బిల్లులు, మేము చెల్లించిన డబ్బు, ఈ డేటా అంతా సిస్టమ్ నుంచి తీసి రెండు పరీక్షలు నడుపుతాను. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్ళిందా అన్నది మొదటిది. ఒక పెద్ద ఆర్డర్‌ను ఎవరైనా ముక్కలు చేశారా అన్నది రెండోది.

ముక్కలు చేయడానికి కారణం ఉంది. యాభై వేలు దాటిన ఆర్డర్‌కు పర్చేజ్ కమిటీ సంతకం కావాలి. ఆ లోపయితే డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం చాలు. ఒకే మనిషి, ఒకే సప్లయర్‌కు, వారం లోపల, విడివిడిగా యాభై వేలకు కాస్త తక్కువగా ఆర్డర్లు పెట్టి, అవి కలిపితే యాభై వేలు దాటుతుంటే నా పరీక్ష ఆ పేరును పైకి తెస్తుంది. ఎన్నో నెలలు పెద్దగా ఏమీ రాలేదు. ఆ నెల మాత్రం ఒక పేరు రెండు ఆర్డర్లతో పైకి వచ్చింది. డయాలసిస్ యూనిట్ ఇన్‌ఛార్జి సిస్టర్.

ఆమె మా తెలుగు చర్చి ఆంటీ. బాపట్ల వైపు నుంచి నర్సింగ్ చదివి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. మా నాన్న సైన్యంలో ఉండటంతో నేను కంటోన్మెంట్‌లో పెరిగాను. నా తెలుగులో హిందీ దూరినప్పుడల్లా ఆమె ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందే నన్ను ఆటపట్టిస్తుంది. అందుకే ముందు మా మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఆమె నాకు తెలిసిన మనిషని చెప్పాను.

"చెప్పావు, చాలు. ఆర్డర్లు తీసి చూడు. నిజమైతే లిస్ట్ పంపించు" అన్నాడు.

తీసి చూశాను. నిజమే. రెండు ఆర్డర్లలోనూ అదే వస్తువు, డయాలసిస్ మెషీన్‌కు తగిలించే ట్యూబింగ్ సెట్లు. తేదీ ఒకటే. సరుకు కూడా ఒకే చలాన్ మీద, ఒకే బండిలో దిగింది. ఇంక అనుమానానికి చోటు లేదు. లిస్ట్ పంపాను. రెండు రోజుల్లో హెచ్ఆర్ నుంచి ఆమెకు షోకాజ్ నోటీసు వెళ్ళింది. సంతృప్తికరమైన జవాబు రాకపోతే ఇన్‌ఛార్జి పదవి తీసేస్తామని అందులో రాశారు.

ఆ మధ్యాహ్నమే ఆంటీ నోటీసు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది.

"ఏమ్మా, నేనేమన్నా దొంగతనం చేశానా?"

"లేదు ఆంటీ. కానీ ఆర్డర్‌ని రెండు ముక్కలు చేశారు కదా."

"చేశాను. కాదంటానా? కమిటీకి పోతే మూడు వారాలు కూర్చోబెడతారు. మెషీన్ మీద పడుకున్నోళ్ళకి మూడు వారాలు ఆగండని చెప్తామా? స్టోర్ భయ్యానే అన్నాడు, దో మే డాల్ దో దీదీ అని, రెండుగా పెట్టెయ్యమని. అన్ని వార్డులోళ్ళూ అట్లాగే పెడతారు."

"అందరూ పెడితే మీ పేరొక్కటే ఎందుకు వచ్చింది?"

"అది నువ్వు చెప్పాలి. వాళ్ళంతా స్టోర్‌కి ఫోన్ కొడతారు, స్టోర్ వాళ్ళు వాళ్ళందరి ఉమ్మడి లాగిన్‌తో ఎక్కిస్తారు. నన్నూ అట్లాగే ఫోన్ కొట్టమన్నారు, మేమే చేసిపెడతాం అని. నా బదులు ఇంకొకళ్ళు రాయటం నాకు నచ్చదమ్మా. నా ఆర్డర్ నా లాగిన్‌తో నేనే పెట్టుకుంటాను."

ఆమె వెళ్ళిన వెంటనే నా రెండు పరీక్షలూ నడిపే ప్రోగ్రామ్ తెరిచాను. దాన్ని రాసింది నేను కాదు, నాకంటే ముందు వచ్చిన కన్సల్టెంట్లు. స్టోర్ ఉమ్మడి లాగిన్ మీద పడిన ప్రతి ఎంట్రీనీ లెక్కలోంచి తీసెయ్యమని పైనే ఒక షరతు పెట్టి పోయారు. కారణం అర్థమైంది. ఒక్క లాగిన్ మీద ఆసుపత్రి ఆర్డర్లన్నీ పడుతుంటే "ఒకే మనిషి" అన్న నియమానికి అర్థం లేదు, చెత్తంతా పైకి వస్తుంది. అందుకని దాన్ని మొత్తంగా పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు.

ఆ షరతు తీసేశాను. మనిషి బదులు డిపార్ట్‌మెంట్, సప్లయర్, వస్తువు, వారం అని మార్చి మళ్ళీ నడిపాను. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ల్యాబ్, ఒకటేమిటి, దాదాపు అన్నీ వచ్చాయి. అంతా నలభై ఎనిమిది, నలభై తొమ్మిది వేల ముక్కలే.

స్టోర్ వాళ్ళు బిల్లులు ఎక్కించేదీ ఆ లాగిన్‌తోనే కాబట్టి మొదటి పరీక్షను కూడా మళ్ళీ నడిపాను. ఈసారి సప్లయర్ కోడ్‌ను నమ్ముకోకుండా బ్యాంకు ఖాతాను పట్టుకున్నాను. బిల్లు నంబర్లలోని గీతలు, ముందున్న సున్నాలు తీసేసి పోల్చాను. గ్లవ్స్ సప్లయర్ ఒకడికి మా సిస్టమ్‌లో రెండు కోడ్‌లున్నాయి, ఖాతా మాత్రం ఒక్కటే. అదే తేదీ, అదే మొత్తం, అదే బిల్లు. ఒకచోట ముందు సున్నాతో, ఇంకోచోట సున్నా లేకుండా. రెండుసార్లూ డబ్బు వెళ్ళింది. అలాంటివి ఇంకొన్ని దొరికాయి.

ఇక ఆంటీ గట్టెక్కినట్టే అనుకుని సంబరంగా నెలవారీ ఆడిట్ మీటింగ్‌కి వెళ్ళాను. అదనంగా వెళ్ళిన డబ్బును సప్లయర్ తరువాతి బిల్లుల్లో తగ్గించుకుంటామన్నారు. ఉమ్మడి లాగిన్ మూసేస్తామన్నారు. బాగానే ఉంది. మరి ముక్కల ఆర్డర్లకు ఎవరిని అడుగుతారన్నాను. ఆ లాగిన్ వాడేవాళ్ళు ఆరుగురు, ఏది ఎవరు ఎక్కించారో చెప్పలేమన్నాడు పర్చేజ్ హెడ్.

"అయితే ఆవిడ ఒక్కదానికే నోటీసా? తన పేరు దాచుకోనందుకా?" నా గొంతు పెరిగింది.

మా మేనేజర్ నా వైపు చూశాడు. "పర్సనల్ మత్ లో. నామ్ జిస్కా, నోటీస్ ఉసీకా." సొంత విషయంగా తీసుకోవద్దని, పేరు ఎవరిదుంటే నోటీసు వాళ్ళకేనని తేల్చేశాడు.

పదవి తీసెయ్యలేదు. లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చి ఫైల్లో పెట్టారు. ఇంకోసారి జరిగితే ఇన్‌ఛార్జిగా ఉండదని అందులో ఒక వాక్యం. వైశాలి మెట్రో మెట్ల దగ్గర ఆంటీకి ఈ సంగతి నేనే చెప్పాను.

"అయితే నేనూ స్టోర్‌కి ఫోన్ కొట్టి ఉంటే బాగుండేదన్నమాట" అంది.

బ్యాగు సర్దుకుని మెట్లెక్కింది.

తరువాతి నెల పరీక్ష నడిపినప్పుడు అందరి పేర్లూ వచ్చాయి, ఎవరి లాగిన్ వాళ్ళకుంది కాబట్టి. చాలామంది ఇంకా ముక్కలే పెడుతున్నారు. ఆంటీ పేరు మాత్రం లేదు. సంతోషం పట్టలేక ఫోన్ చేశాను.

"ఆంటీ, ఈసారి లిస్ట్‌లో మీరు లేరు!"

"ఎట్లా ఉంటానమ్మా? మొత్తం ఒక్క ఆర్డరే పెట్టి కమిటీకి పంపా. ఇంకా సంతకం కాలేదు. సెట్లు అయిపోయినయ్. పొద్దున ముగ్గుర్ని వేరే సెంటర్‌కి పొమ్మన్నాను. అందులో ఒకాయన నడవలేడు, వాళ్ళబ్బాయి వీపున ఎక్కించుకుని తీసుకుపోయాడు."

ఫోన్ పెట్టేశాక రిపోర్టులో ఒక కాలమ్ కొత్తగా చేర్చాను, ఆర్డర్ పెట్టిన రోజు నుంచి కమిటీ సంతకం దాకా ఎన్ని రోజులు పట్టిందో. మీటింగ్‌లో ఆ కాలమ్ దగ్గర ఎవరూ ఆగలేదు. ముక్కల ఆర్డర్ల లెక్కలో డయాలసిస్ యూనిట్ ఎదురుగా సున్నా చూసి, ఇలా ఉండాలి అన్నాడు పర్చేజ్ హెడ్.