బిల్లు మీద పేరు

క్యాంప్ 2 బస్తీలో మేం కొన్న ఇంటికి కరెంటు బిల్లు, అమ్మినావిడ చనిపోయిన భర్త పేరుతోనే వచ్చేది. ఇల్లమ్మేశాక పక్క వీధిలో అద్దెకుంటున్న ఆవిడ నెలనెలా వచ్చి బిల్లు చూపించమనేది. కట్టానో లేదో చూస్తోందని నాకు ఒళ్లు మండేది.

పేరు మార్చమని కరెంటాఫీసుకు వెళ్లాను. ఇంటి రిజిస్ట్రీ నకలుతోపాటు ఆయన మరణ ధ్రువీకరణ పత్రం, ఆవిడ అంగీకార పత్రం తెమ్మన్నారు.

సంతకం చేసేముందు ఆవిడ అడిగింది: "పేరుంటే ఏటవుద్దమ్మా?"

"చచ్చిపోయిన మనిషి పేరు మీద ఎన్నాళ్లు కట్టమంటావు పిన్నీ?" అన్నాను.

ఆవిడ సంతకం చేసింది.

తర్వాతి నెల బిల్లు నా పేరుతో వచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే వచ్చి, కాగితం మీద వేలు పెట్టి ఆయన పేరు కోసం వెతికింది. తర్వాత బిల్లు నాకిచ్చేసి, "ఇంక రాన్లేమ్మా" అంది.