కారని జాకెట్

ఊరంతా అతుకులక్క అని పిలిచే ఆవిడ ఒక జాకెట్ చేతిలోకి చెయ్యి దూర్చి చూస్తే చాలు, అది తొడుక్కున్న మనిషి వయసూ, బరువూ, నిన్న ఎన్ని గంటలు నిద్రపోయాడన్నదీ, వాళ్ళ అత్తగారి పుట్టింటి ఇంటిపేరూ చెప్పేసేది. సరే, ఇంటిపేరు నేను కలిపాను. నిద్ర సంగతి కూడా కొంచెం సాగదీశాను. కానీ ఏ భుజాన సంచీ మోస్తాడో, వానలో నిలబడ్డాడో ఎదురుగాలిలో నడిచాడో ఆవిడకు గుడ్డే చెప్పేది. మనుషులు ఆవిడకు ఏదైనా చెప్పడం మానేసి అప్పటికే చాలా ఏళ్ళయింది.

కొండలెక్కేవాళ్ళకు జాకెట్లూ బూట్లూ అద్దెకిచ్చే దుకాణం ఆవిడ చెల్లెలి మొగుడిది. ముందు గదిలో బేరాలు, నవ్వులు. మధ్యలో ఒక తెర. వెనక గదిలో కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, పొడవాటి కడ్డీకి వేలాడే అరవై జాకెట్లు, అక్క. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మధ్యాహ్నాలు మిషను ఆపితే చెవుల్లో గుయ్యిమనేది. అందుకే ఆపేది కాదు.

ఆ శీతాకాలం కొండమీది వాతావరణ కేంద్రంలో ఒక కొత్త మనిషి చేరాడు. గాలి కొలిచే స్తంభం శిఖరం మీద, అతని గది కింద. రోజుకు మూడుసార్లు నిట్టనిలువు దారిలో ముక్కాలుగంట ఎక్కాలి, పైన నిలబడి లెక్కలు రాసుకోవాలి, దిగాలి. దుకాణం అతనికి వానను ఆపే హార్డ్‌షెల్ జాకెట్లు రెండు ఇచ్చింది. వారానికోసారి సరుకులు మోసే జీపులో ఒకటి బాగుకు దిగేది, ఒకటి పైకి వెళ్ళేది.

మొదటి వారం దిగిన జాకెట్ జేబులో చీటీ ఉంది. "కుడి భుజం కుట్టు దగ్గర కారుతోంది. లోపలంతా తడి. దయచేసి చూడండి." కింద ఇంకో వాక్యం: "మిగతా కుట్లు ఎంత నున్నగా ఉన్నాయో. ఇక్కడ సాయంత్రాలు చూసుకోవడానికి ఇంకేమీ లేదు."

అక్క ఆ రెండో వాక్యాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత భుజం భాగాన్ని దోసిలిలా పట్టి, గ్లాసుడు నీళ్ళు పోసి, కింద పొడి కాగితం పరిచి గంటసేపు కూర్చుంది. ఒక్క చుక్క దిగలేదు. జాకెట్ తిరగేస్తే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు.

నెల రోజులుగా ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ తడి వాన కాదని, అతని ఒంటి చెమటేనని ఆవిడకు అక్కడికక్కడే అర్థమైంది. హార్డ్‌షెల్ లోపల వాన చొరబడని పొర ఉంటుంది, కుట్లన్నిటి మీదా నీరు దిగకుండా అంటించిన టేపు ఉంటుంది. ఆ పొర చెమట ఆవిరిని కొంత వదులుతుంది కానీ, మనిషి రొప్పుతూ ఎక్కుతుంటే అంత వేగంగా వదల్లేదు. అది లోపలే నీరౌతుంది. అంటే జాకెట్‌లో లోపం లేదు. ఆ ఊరి పొడి చలికి, ఆ నడకకి అది తప్పు జాకెట్.

ఆ మాట రాస్తే ఒక్క వాక్యం. రాస్తే జాకెట్ మళ్ళీ దిగదు. చీటీ కూడా.

అక్క బాగున్న కుట్టు మీదే ఇంకో టేపు వేసి, ఇస్త్రీపెట్టెతో అంటించింది. "సరిచేశాను. మళ్ళీ కారితే రాయండి" అని జేబులో పెట్టింది.

మళ్ళీ కారింది. కారకేం చేస్తుంది? ఈసారి చీటీలో, "మీరు చెప్పినట్టే రాస్తున్నాను. రాత్రి గాలి నా తలుపును తిడుతూనే ఉంది, ఎవరి మీద కోపమో" అని ఉంది. మూడో వారం మెడ దగ్గర, నాలుగో వారం ఎడమ చంక దగ్గర. గాలాడుతుందని చంకల కింది జిప్పులు తెరిస్తే చలిగాలి సూటిగా పక్కటెముకల్లోకి దూరుతోందట. అక్క చీటీలన్నీ ఒక రేకు డబ్బాలో దాచింది. నాలుగోసారి టేపు వేస్తుంటే మరిది తెర తొలగించి చూశాడు.

"ఏంటి వదినా, ఆ జాకెట్‌కి కట్టు కడుతున్నావా, గంధం పూస్తున్నావా?"

"కారుతోందంటున్నాడు."

"ఈ ఎండు చలిలో కారడానికి అతని ముక్కు తప్ప ఇంకేముంది?"

అక్క ఇస్త్రీపెట్టె అందుకుంది.

అయిదో చీటీలో అక్షరాలు వంకర్లు పోయాయి. "స్తంభం దగ్గర పది నిమిషాలు నిలబడేసరికి లోపలి తడి గడ్డకట్టింది. వణుకు ఆగడం లేదు. వేళ్ళు నా మాట వినడం లేదు. తప్పు నాదేనేమో, నాకు జాకెట్ వేసుకోవడం రాదేమో."

అక్క చాలాసేపు మిషను ఆపి కూర్చుంది. చెవులు గుయ్యిమన్నా తొక్కలేదు. తర్వాత కడ్డీ మీంచి ఒక సాఫ్ట్‌షెల్ జాకెట్ తీసి, కాగితం నిండా రాసింది. "మీ తప్పు లేదు. ఆ జాకెట్ ఎప్పుడూ కారలేదు. నాకు మొదటి వారమే తెలుసు. ఇది తొడుక్కోండి. దీని నేత చిక్కన, చాలా గాలిని ఆపుతుంది. చెమటను బయటికి పంపిస్తుంది. చెయ్యి ఎత్తితే సాగుతుంది. పొడి చలిలో ఎక్కేవాళ్ళకి ఇదే." కాగితం అయిపోయింది. సంతకం పెట్టలేదు, ఎప్పుడూ పెట్టలేదు గనక.

తర్వాతి వారం జీపులో పైనున్న హార్డ్‌షెల్ తిరిగొచ్చింది. జేబులన్నీ వెతికింది. ఖాళీ. ఆ తర్వాత ఏమీ రాలేదు. సాఫ్ట్‌షెల్ చక్కగా పనిచేస్తోందన్నమాట. అంతకన్నా మంచి పని ఆవిడ జన్మలో చేసి ఉండదు. ఆ శీతాకాలం చివరిదాకా రేకు డబ్బా బరువు పెరగలేదు.

వానలు మొదలయ్యాయి. మొదటి రోజు, రెండో రోజు, ఆరో రోజు. కొండదారి కొట్టుకుపోయి జీపు ఆగిపోయింది. ఏడో రోజు ఉదయం అక్క చేతిలో సూది ఆగింది. చలి గురించి రాసింది, గాలి గురించి రాసింది. వాన గురించి రాయకముందే కాగితం అయిపోయింది. సాఫ్ట్‌షెల్ చినుకుల్ని జార్చేస్తుంది. రోజంతా కుంభవృష్టి పడితే నానిపోతుంది. రెండు హార్డ్‌షెల్సూ ఇక్కడ ఆవిడ కడ్డీకే వేలాడుతున్నాయి.

"జీపు లేదుగా వదినా," అన్నాడు మరిది.

"కాళ్ళున్నాయి."

"నువ్వా? వీధి చివరి దాకా వెళ్ళి ఎన్నాళ్ళైంది?"

ఒకటి తొడుక్కుంది, ఒకటి సంచీలో పెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా వాన జాకెట్లు కుట్టిన మనిషి వానలో జాకెట్‌తో నడవడం అదే మొదటిసారి. నీళ్ళు భుజాల మీద పూసల్లా దొర్లిపోతున్నాయి. చంకల జిప్పులు తెరిచి, మెల్లగా, ఆగి ఆగి ఎక్కింది. టోపీ లోపల వాన చప్పుడు తన మిషను చప్పుడులాగే ఉంది. పక్కన ఎవరూ లేకపోవడం కూడా అలాగే ఉంది.

అయిదు గంటల తర్వాత తలుపు తీసినవాడి ఒంటిమీద సాఫ్ట్‌షెల్ తడిసిన దుప్పటిలా వేలాడుతోంది. పెదాలు నీలం. ఆవిడ మొహం అతనికి తెలియదు. సంచీలోంచి బయటికొచ్చిన భుజం కుట్టు చూసి గుర్తుపట్టాడు.

"ఇది కారుతోందండీ," అన్నాడు, ఒంటిమీదిది చూపించి.

"ఇది నిజంగానే కారుతుంది. తీసి ఆరెయ్యండి. మళ్ళీ చలికాలానికి పనికొస్తుంది."

అతను పొడి చొక్కా మీద హార్డ్‌షెల్ తొడుక్కుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. వణుకు తగ్గాక అక్క అడిగింది.

"చీటీలు ఎందుకు మానేశారు?"

"కారనప్పుడు ఏమని రాయను? బాగుచేసేవాళ్ళకి బాగుందని ఎవరు రాస్తారు?"

"రాయకూడదని ఎవరన్నారు," అంది అక్క. వెలుతురుండగానే దిగిపోయింది.

ఇదంతా రాసి ఆవిడకు చదివి వినిపించాను. మిషను ఆపకుండానే విన్నది.

"అంతా అబద్ధం. నా మోకాళ్ళతో నేను కొండెక్కడమేమిటి? ఆ మనిషిని నేను చూడనే లేదు. చీటీలూ లేవు, ఏమీ లేవు. ఆ రేకు డబ్బా మీంచి చెయ్యి తియ్యండి బాబాయ్‌గారూ. అందులో ఉన్నవి సూదులు."