సైలెన్సర్ నట్టు మీద పందెం

మా ఇంటి ఓనరు పాండురంగం గారికి రెండే పనులు చేతకావు. ఒకటి ఆగడం, రెండోది ఓడిపోవడం. ఆయన కూతురు ప్రవీణకు ఈ రెండు చేతకానితనాలూ వారసత్వంగా వచ్చాయి. ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే ఆ పిల్ల బండి హ్యాండిల్ మీద వేళ్లతో దరువేస్తుంది. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటుంది. తండ్రీకూతుళ్ల అరుపులు వినపడని రోజు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమోనని నాకు భయం పుడుతుంది. మా ఆయన మాత్రం "సూర్యప్రభా, వాళ్ల గొడవ నీకెందుకే" అంటారు. గొడవ కిటికీలోంచి నా వంటింట్లోకి వస్తే నేనేం చెయ్యను చెప్పండి? తణుకు నుంచి వచ్చి వీళ్ల మేడ మీద దిగినప్పుడు ప్రవీణ రెండు జడల పిల్ల. నా మిక్సీ పాడైతే విప్పి బాగుచేసింది. అప్పటినుంచీ నేను దాని పార్టీ.

పాండురంగం గారిది నాదర్‌గుల్. అక్కడి పొలంలో కొంత అమ్మి ఇక్కడ మేడ కట్టారు. పిల్లచేత ఆటోమొబైల్ డిప్లొమా చదివించారు కూడా. చదివించి ఏం లాభం? దిల్‌సుఖ్‌నగర్లో ఒక సర్వీసింగ్ సెంటర్లో మెకానిక్ ఉద్యోగమని చేరితే, వాళ్లు దాన్ని కౌంటర్లో కూర్చోబెట్టి కంప్లయింట్లు రాయించారు. భోజనాల వేళ అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతుంటే ఇది లోపలికి దూరి బండ్లు విప్పేది. అలా దూరినప్పుడే ఒకసారి ఎవరి బండిదో సైలెన్సర్‌ని పట్టి ఉంచే స్టడ్డు ఫట్టున విరగ్గొట్టింది. ఆ ముక్కను తవ్వి తీయడానికి సాయంత్రం దాకా పట్టిందట. ఇంటికొచ్చి నా దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "తిట్టినందుకు కాదాంటీ, ఇరిగే ముందు చేతికి తెలిసింది. తెలిసినా ఆగలే" అంది. తర్వాత కొన్నేళ్లకి ఆ ఉద్యోగం మానేసి, మా మేడ కింద ఖాళీగా ఉన్న షటర్‌లో సొంతంగా రిపేరు షాపు పెడతానంది.

అమ్మ బాబోయ్, ఆ రోజు చూడాలి! "మన ఖాందాన్ల ఆడపిల్ల రోడ్డు మీద కూసోని పానాలు తిప్పుతదా?" అని ఆయన. "కూసోని కౌంటర్ల రాస్తే మంచిగుంటదా?" అని ఇది. సోమమ్మ గారు, అంటే ప్రవీణ వాళ్లమ్మ, ఇద్దరి మధ్యా అన్నం గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఈలోగా ఆ షటర్‌ని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు కిరాయికి అడిగారు. ఆదివారం సాయంత్రం వచ్చి మాట ఖాయం చేసుకుంటామన్నారు. ఇంకేముంది, షాపు కథ కంచికి వెళ్లినట్టే అనుకున్నాను.

అప్పుడు ఆయన బండి అడ్డం పడింది.

అది తొంభైల నాటి మోటార్ సైకిలు. గడ్డిఅన్నారం మార్కెట్‌కి జామపండ్ల గంపలు మోసిన బండి. ఆయనకి దాని మీద ఉన్న ప్రేమలో సగం మనుషుల మీద ఉంటే ఈ వీధి ఎప్పుడో బాగుపడేది. కొన్నాళ్లుగా అది ఇంజను దగ్గర ఫట్ ఫట్ మని కొట్టుకుంటోంది. సైలెన్సర్ గొట్టం ఇంజను హెడ్డుకు అతుక్కునే చోట సందు మూసే గ్యాస్కెట్ కాలిపోయి పొగ బయటికి తన్నుతోందట. గ్యాస్కెట్ మార్చాలంటే గొట్టం ఊడదీయాలి. గొట్టాన్ని పట్టుకుని ఉండేవి రెండు నట్లు. ఆ నట్లు ఎక్కి ఉన్న మరల కడ్డీలే స్టడ్లు. రెండో కొస హెడ్డులోకి దిగి ఉంటుంది. వేడికీ వానకీ తుప్పు పట్టి నట్టూ స్టడ్డూ ఒకటైపోయాయి. స్టడ్డు విరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది, దాన్ని డ్రిల్లుతో తవ్వాలి. హెడ్డేమో మెత్తటి అల్యూమినియం. డ్రిల్లు పక్కకి జారిందంటే హెడ్డుకే ఎసరు. అందుకే ఇద్దరు మెకానిక్కులు చూసి "విరిగితే మా పూచీ లేదు" అని చేతులెత్తేశారు.

"నేను తీస్తా" అంది ప్రవీణ.

"తీసి చూపియ్యి. ఇరగకుంట తీస్తివా, షటర్ నీది. ఇరిగిందా, ఆదివారం వాళ్లకి తాళం ఇస్త. మళ్ల షాపు ముచ్చట తియ్యొద్దు" అన్నారాయన.

"ఒట్టు?"

"ఒట్టే."

టీ చల్లారనివ్వని పిల్ల తుప్పు నట్టు దగ్గర ఏం ఆగుతుంది?

మర్నాడు నేను బట్టలు ఆరేస్తూ కిందికి చూస్తే, అది బండి ముందు బాసింపట్టు వేసుకుని చిన్న బ్లేడుతో ఏదో గీకుతోంది. దిగి వెళ్లాను. "ఏంటే, కూరగాయలు తరుగుతున్నావా?" అన్నాను.

"వెండి రంగు ఆంటీ! నాయిన ప్రతి దసరాకు బండి కడిగి, బొట్టు పెట్టి, తుప్పు కనపడకుంట నట్ల మీద సిల్వర్ పెయింట్ ఏస్తడు. ఎన్ని దసరాల రంగు ఉందో చూడు. నిన్న నూనె కొడితే రంగు మీదికెళ్లి కారిపోయింది, మరల్లకి సుక్క దిగలే."

ఆయన అరుగు మీంచి, "పండగనాడు బండి మెరవాలె గదనే" అన్నారు. "మెరిసింది, లోపల కుళ్లింది" అంది ఇది. ఆయన మొహం మాడిపోయింది.

రంగు పోయాక ఇనప బ్రష్‌తో మరలు శుభ్రం చేసింది. తుప్పు వదిలించే నూనెను నట్టు చుట్టూ, హెడ్డులోకి స్టడ్డు దిగే చోటా కొట్టింది. చిన్న సుత్తితో నట్టును నెమ్మదిగా తట్టింది. ఆ తర్వాత లేచి చేతులు కడుక్కుని వెళ్లిపోయింది!

"అయిపోయిందా?" అన్నారు పాండురంగం గారు.

"నూనె దిగాలె. ఆగు."

ఆగు! ఆ మాట ఆ ఇంట్లో నేను వినడం అదే మొదలు. పొద్దున నూనె, సాయంత్రం నూనె, మధ్యలో సుత్తితో తట్టడం. శనివారానికి ఆయన ఓపిక అడుగంటింది. ఎక్కడినుంచో బారెడు ఇనప గొట్టం తెచ్చి, "పానాకు గిది తొడిగి ఒక్క గుంజు గుంజు, ఎట్ల రాదో చూస్త" అన్నారు. ప్రవీణ ఆ గొట్టాన్ని తీసుకెళ్లి గేటు బయట పెట్టి వచ్చింది. పొడుగు పిడికి బలం ఎక్కువ, కానీ స్టడ్డు ఏమంటోందో చేతికి తెలియదట. పొట్టి పిడి, నట్టును ఆరు వైపులా బిగువుగా పట్టే సాకెట్, అంతే కావాలంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంది. ముందుగా నట్టును విప్పే వైపు కాకుండా బిగించే వైపు పిసరంత తిప్పింది. "తిక్కగానీ పుట్టిందా నీకు?" అని అరిచారాయన. తుప్పు ఎటు పగిలినా పగిలినట్టేనట. తర్వాత విప్పే వైపు కాస్త, మళ్లీ వెనక్కి కాస్త. కిర్రుమని చప్పుడొచ్చింది. కొంచెం నూనె. మళ్లీ ముందుకి, వెనక్కి. ఉన్నట్టుండి నట్టూ స్టడ్డూ రెండూ కలిసి దాని చేతిలోకి వచ్చేశాయి.

"ఇరిగింది!" అని ఆయన లేచి నిలబడ్డారు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఏడ ఇరిగింది? చూడు. రెండు కొసలకు మరలు సక్కగున్నయి. హెడ్డుల నుంచి మరతిప్పుకోని మొత్తం ఒచ్చింది. గింతకన్న మంచిగ ఒస్తదా? కొత్త స్టడ్డు ఏస్తే అయిపాయె." ఆయన కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తప్పు దొరకలేదు.

రెండోది మొండిఘటం. అటూ ఇటూ తిప్పగా కాస్త కదిలింది. సంబరంతో చప్పట్లు కొట్టబోయాను. ప్రవీణ మొహంలో రంగు పోయింది. చప్పుడు లేదు. చెయ్యి తీసి, ఒంగి చూసి, మళ్లీ చెయ్యి పెట్టింది.

"ఏమైంది, తిరిగింది గదా!" అన్నారాయన.

"నట్టు తిరుగుతలేదు నాయినా. స్టడ్డు మెలి పడుతుంది."

"నీకు భయం పట్టింది. ఇటియ్యి పానా!"

ఏమండీ, నాకు ఒళ్లు మండిపోయింది. "అదెక్కడి న్యాయమండీ పాండురంగం గారూ? మీ చేతిలో విరిగితే ఎవరు ఓడినట్టు?" అనేశాను. ఆయన వినిపించుకోలేదు. ప్రవీణ ఆయన్నే చూస్తూ కూర్చుంది. అరవలేదు. ఆ పిల్ల అరవకపోతే నాకు ఎంత భయమేసిందో! తర్వాత పానా పిడిని ఆయన వైపు తిప్పి చేతిలో పెట్టింది.

"నీ బండి. పట్టుకో. చప్పుడు ఇను. కిర్రంటే నట్టు కదుల్తున్నట్టు. చప్పుడు లేకుంట రబ్బరు గుంజినట్టు సాగి, ఇడిస్తే ఎనక్కొస్తే... ఇగ నీ ఇష్టం."

ఆయన పట్టుకున్నారు. మణికట్టు నరాలు పొంగాయి. ఒక్క లాగు. ఇంకొక్క లాగు లాగితే చాలు, షటర్ కోచింగ్ వాళ్లది, కూతురి నోరు జీవితాంతం మూత. ఆ ముక్క ఆయనకి తెలుసు, దానికీ తెలుసు, నాకూ తెలుసు. పానా కాస్త సాగినట్టు వెళ్లింది. ఆయన చెయ్యి ఆగింది. వదిలితే పానా దానంతటది వెనక్కి వచ్చింది. మళ్లీ అంతే నెమ్మదిగా పట్టి చూశారు. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇరుగుతది బిడ్డా," అన్నారు, గొంతు బాగా తగ్గించి. "ఇంక గుంజితే ఇరుగుతది. నువ్వే పట్టు."

ప్రవీణ కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. నట్టును పిసరంత వెనక్కి బిగించింది. పెట్రోలు ట్యాంకు ఊడదీసి దూరంగా నా మెట్ల కింద పెట్టించింది. కారిన నూనెంతా గుడ్డతో తుడిచేసింది. చిన్న గ్యాసు మంటతో నట్టును ఒక్కదాన్నే బాగా వేడి చేసి, మంట ఆర్పి, సోమమ్మ గారు తెచ్చిచ్చిన కొవ్వొత్తిని నట్టుకు తాకించింది. మైనం కరిగి మరల్లోకి జరజరా దిగిపోయింది. వేడి తగ్గకముందే సాకెట్ తొడిగి పిసరంత బిగించి, పిసరంత విప్పింది.

కిర్ర్.

ఎంత చక్కటి చప్పుడో! ముందుకి, వెనక్కి, ఇంకొంచెం ముందుకి. నట్టు మర వెంట మర దాటి ఊడి వచ్చింది. స్టడ్డు నిటారుగా హెడ్డులోనే నిలబడి ఉంది. సోమమ్మ గారు నన్ను కావలించుకుంది. మా ఆయన పైనుంచి "వచ్చిందా?" అని అరిచారు. వాళ్ల గొడవ నీకెందుకే అన్న మనిషి!

అప్పుడే పాండురంగం గారి ఫోను మోగింది. కోచింగ్ వాళ్లు బయల్దేరుతున్నారట. "రాకుండ్రి. షటర్ ఖాళీ లేదు, నా బిడ్డ షాపు పెట్టుకుంటుంది" అని పెట్టేశారు.

ప్రవీణ సాకెట్ తుడుస్తూ, తలెత్తకుండానే అడిగింది. "ఇంకో గుంజు గుంజితే నువ్వే గెలుస్తుంటివి గద నాయినా. ఎందుకు గుంజలే?"

ఆయన తన అరచేతిని చూసుకున్నారు.

"చేతికి తెలిసినంక ఎట్ల గుంజుతనే?"