మెరుపులు తగ్గించిన పెళ్లి వీడియో
గనుల డబ్బు పొంగుతున్న రోజుల్లో బళ్లారిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ని. ఒక గని యజమాని కూతురి పెళ్లి వీడియో పూర్తయ్యాక, ఆయన అడిగి పెట్టించుకున్న ఎర్రటి మెరుపులను మళ్లీ పరిశీలించాను. సెకనుకు మూడు దాటితే కొందరికి ఫిట్స్ రావచ్చు. అందుకే వాటి సంఖ్య తగ్గించి, వెలుగు తేడా తగ్గించి, ఎరుపును పలచన చేశాను.

"ఏందప్పా, ఇంత చప్పగా ఉండాది? ముందుదే ఇయ్యి" అన్నాడు యజమాని అది చూసి. ఫిట్స్ సంగతి చెప్పాను. "మా ఇంట్లో అట్లాంటోళ్లు యాడుండారు?" అని పాత కాపీనే పట్టుకుపోయాడు.

ఆ తర్వాత నన్నూ పిలిచిన విందులో పెద్ద తెరమీద అది మెరుస్తుండగా పెళ్లికూతురి పిన్ని కుర్చీలోంచి పడి గిలగిలా కొట్టుకుంది. నేను పరుగెత్తి వీడియో ఆపేశాను.

"దిష్టి తగిలిందప్పా!" అంటూ యజమాని గుమ్మడికాయ పగలగొట్టించాడు. ఆమె కళ్లు తెరిచింది. దిష్టి పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక, అదే వీడియోను మళ్లీ మొదటినుంచి వేయించాడు.