ఎవరి ఫొటో వారికే

వాసవికి సునామీ అంటే గోడ బీటలు వారిన ఒక ఆదివారం. అప్పుడామె రెండో తరగతి. పొద్దున్నే భూమి కదిలితే నాన్న ఆమెను చంకనేసుకుని పోర్ట్‌బ్లెయిర్ శివారు ప్రోతరాపూర్‌లోని ఇంట్లోంచి బయటికి పరుగెత్తాడు. ఆ పూటంతా ఇరుగుపొరుగుతో ఆరుబయట కూర్చుని బిస్కెట్లు తిన్నారు. వాళ్లింట్లో ఎవరికీ ఏమీ కాలేదు. సునామీ మిగిల్చిన నష్టం తనకు తెలియకపోవడానికి అదే కారణమేమోనని ఇరవై ఏళ్ల తర్వాత చాలాసార్లు అనుకుంది.

చదువయ్యాక పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరింది. ద్వీపాల పాత కాగితాలు, ఫొటోలు భద్రపరిచే సంస్థ అది. ప్రకటనలు రాయడం, ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్లకు టీ పెట్టడం అన్నీ ఆమె పనే. హిందీ గలగలా వచ్చు. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ, చదవాలంటే వేలు పెట్టి కూడబలుక్కోవాలి.

2024 నవంబరులో రిటైర్డ్ టీచరు వెంకటాచలంగారు ఒక ఇనుప పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టారు. సునామీ తర్వాత ఆయన సహాయ శిబిరంలో పనిచేశారు. నికోబార్‌లో క్యాంప్‌బెల్ బే వైపు బురదలో దొరికిన ఫొటోలను ఎవరెవరో తెచ్చిస్తే, కడిగి ఆరబెట్టి దాచారు. నూట నలభై. ఆ ఫొటోలు ఉన్నాయని, వచ్చి తీసుకెళ్లమని సొంతదారులకు తెలియజేయాలి.

ప్రకటన ఆయనే తెలుగులో రాశారు. ఎక్కడికి రావాలి, ఏ తేదీల్లో రావాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. చివర ఒక వాక్యం: ‘ఎవరి ఫొటో వారికే చూపిస్తాం, ఇతరులకు చూపించం.’

“అమ్మాయ్, ఇది మాత్రం ఎక్కడా వదలొద్దు,” అన్నారు.

“అలాగే సార్,” అంది వాసవి.

ఆ ఒక్క ప్రకటననూ ఆమె మూడు చోట్లకు మూడు రకాలుగా మార్చాలి. లింక్డ్‌ఇన్‌లో ఉండేది ఉద్యోగస్తులు, మ్యూజియం వాళ్లు, సాయం చేయగల సంస్థలు. వాళ్లకోసం ఇంగ్లీషులో నిదానంగా రాసింది. తడిసిన ఫొటోలను ఎలా శుభ్రం చేశారు, ఎలా స్కాన్ చేశారు, ఎలాంటి నిపుణుల సాయం కావాలి. అక్కడ మొదటి రెండు మూడు వరుసలే పైకి కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. సారుగారి వాక్యం నాలుగో పేరాలో పడింది. ఉంది గదా అనుకుంది.

ఎక్స్‌లో రెండువందల ఎనభై అక్షరాలే. హిందీలో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం రాసింది. గుణింతపు గుర్తు కూడా ఒక అక్షరంగానే లెక్కకొచ్చి, చూస్తుండగానే చోటు నిండిపోయింది. తేదీ తీయలేదు, ఫోన్ నంబరు తీయలేదు. తీసింది ఆ ఆఖరి వాక్యాన్నే.

ఇక మిగిలింది ఇన్‌స్టాగ్రామ్. అక్కడ ముందు కంటికి బొమ్మ కనిపించాలి, ఆ తర్వాతే మాట. మొదట నీలం రంగు మీద తెల్లక్షరాలతో ఒక కార్డు చేసి పెట్టింది. రెండు రోజులకు పదకొండు మంది చూసి మెచ్చుకున్నారు. అందులో ముగ్గురు ఆఫీసువాళ్లే.

మూడో రోజు పెట్టె తెరిచింది. ఒక ఫొటో దగ్గర ఆమె చేయి ఆగింది. ఇరవై ఏళ్ల అమ్మాయి, పక్కన మీసాల కుర్రాడు, ఒళ్లో ఏడాది నిండని పాప. అంచులను ఉప్పునీరు తినేసినా ముగ్గురి ముఖాలూ చెక్కుచెదరలేదు. వాసవి దాన్ని పెట్టి, ‘వీళ్లు ఎవరో మీకు తెలుసా?’ అని మొదటి వరుసలోనే రాసింది. మిగతా వివరాలన్నీ కింద దాగిపోయాయి.

సాయంత్రానికి వేలమంది చూశారు. ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. ఆ వారంలోనే తొమ్మిది కుటుంబాలు వచ్చి తమ ఫొటోలు వెతికించుకున్నాయి. ఒక ముసలాయన తన తండ్రి ఫొటోను చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాడు. వాసవికి కాలు నేల మీద నిలవలేదు. ఆ పోస్టు కింద ఎవరో, ‘ఈ ఆంటీ లంబాలైన్‌లో చేపలమ్ముతుంది’ అని రాస్తే, సంబరపడి దానికి హృదయం గుర్తు కూడా పెట్టింది.

మర్నాడు ఒక నలభై ఏళ్ల స్త్రీ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చేపల బుట్ట బయటే దింపింది.

“ఫొటో ఎట్టినోలెవరు?”

“నేనే దీదీ. రండి, కూర్చోండి. మీదేనా ఆ ఫొటో?” వాసవి నవ్వుతూ లేచింది.

ఆమె కూర్చోలేదు. పేరు బేబీరాణి. ఆ కుర్రాడు పోలిరాజు, ఆమె మొదటి భర్త. ఆ అలలో అతనూ పోయాడు, పాపా పోయింది. మూడేళ్లకు కన్నారావు ఆమెను పెళ్లి చేసుకున్నాడు.

“ఆయనకి అన్నీ తెలుసు. నా కూతురు లిఖితకే తెలీదు. పదారేళ్లు దానికి. బళ్లో ఫోన్లో సూసిందట. ఇంటికొచ్చి, ‘అమ్మా, ఈ పాప నాను కాదు గదా, మరెవరు?’ అంది.”

వాసవి ఫోన్ అందుకుని ఆ పోస్టు తెరిచింది.

“పెద్దదయ్యాక సెబుదారనుకున్నాను. ఏ రోజుకారోజు గొంతు దాటి రానేదు. ఆ మాట నా కూతురికి నాను సెప్పాల. మీ ఫోను సెప్పీసింది.”

“తప్పయిపోయింది దీదీ. ఇప్పుడే తీసేస్తాను.”

“తీసీ. దాని బుర్రలోంచి తీయగలవా?”

బేబీరాణి బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. ఫొటో అడగనే లేదు.

వాసవి పోస్టు తీసేసింది. ఇన్‌స్టాలో దాన్ని పంచుకున్నవాళ్ల దగ్గర అది మాయమైంది గానీ, స్క్రీన్‌షాట్లు అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టి బతిమాలింది. కొందరు తీశారు. కొందరు, ‘మంచి పనే కదా, ఎందుకు దాచడం?’ అన్నారు. మొన్నటిదాకా తనూ అదే అనేది.

వెంకటాచలంగారికి తనే వెళ్లి చెప్పింది. ఆయన తిట్టలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “శిబిరంలో ఒకావిడ ఫొటో చూడగానే సొమ్మసిల్లి పడిపోయింది. చుట్టూ నలభై మంది నిలబడి చూశారు. అందుకే రాశానమ్మా ఆ వాక్యం,” అన్నారు. ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఆయన గొంతులో వినిపించింది. ముందే అడిగి ఉంటే బాగుండేదని వాసవికి అనిపించింది.

ఆ రాత్రే మూడూ తిరగరాసింది. లింక్డ్‌ఇన్‌లో ఆ వాక్యం మొదటి వరుసకొచ్చింది. ఎక్స్‌లో హిందీ ఒక పోస్టు, తెలుగు ఒక పోస్టుగా విడదీస్తే దానికి కావలసినంత చోటు దొరికింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో వెనక వైపును మాత్రం, పేర్లేవీ లేని మరకల కాగితాన్ని, బొమ్మగా పెట్టింది. చూసినవాళ్లు తక్కువే. ప్రకటనలో ఇచ్చిన ఆఖరి తేదీ, జనవరి అయిదు దాకా ఇంకో పదిహేడు ఫొటోలు ఇళ్లు చేరాయి. అంత సులువుగా చేయగలిగిన పని ముందే ఎందుకు తట్టలేదన్నది ఆమెను వదల్లేదు.

ఫిబ్రవరిలో కన్నారావు వచ్చి, తను బేబీరాణి భర్తనని చెప్పాడు. హార్బరులో పని ముగించుకుని అటే వచ్చినట్టున్నాడు, చొక్కాకు గ్రీజు మరకలున్నాయి. వాసవి ఆ ఫొటో ఉన్న కవరు తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఇంట్లో ఎలా ఉన్నారు భయ్యా?”

“తల్లీ కూతురూ సరిగ్గా మాటాడుకోడం నేదు, మేడమ్. పిల్ల మాత్తరం రోజూ ఒకటే అడుగుతంది, అక్క పేరేటని.” రిజిస్టరులో సంతకం పెట్టి కవరును రెండు చేతులా పట్టుకున్నాడు. “నిన్ననే ఆల్లమ్మ సెప్పిందనుకో. సెప్పి, ఒకటే ఏడుపు.”

ఆ పాప పేరేమిటని వాసవికి అడగాలనిపించింది. అన్ని వేలమందికి చూపించిన ముఖం. పేరు మాత్రం తనకు తెలియదు. అడిగే హక్కు తనకు లేదనిపించి ఊరుకుంది. గుమ్మం దాకా వెళ్లి, అతను బస్సెక్కేదాకా నిలబడింది.