ఆరు నుంచి ఏడున్నర మీటర్ల దాకా

జియాలజీ చదివినదాన్నే గానీ ఆ ఉద్యోగం చేసింది కొన్నాళ్లే. పెండ్లయినాక ఆదోనిలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పినాను. అదీ మూతపడినాక ఇంట్లో కూర్చుని అనువాదాలు మొదలుపెట్టినాను. ఎరువుల సంచుల మీద రాతల నుంచి బ్యాంకు నోటీసుల దాకా అన్నీ తెలుగు చేసినాను. అందుకే ఒక మట్టి పరీక్షల కంపెనీ నుంచి ఇంజనీరు ఫోన్ చేసి "బోరు లాగ్ తెలుగులోకి కావాల మేడమ్" అన్నప్పుడు ఎగిరి గంతేసినంత పని చేసినాను. మళ్లీ రాళ్ల గురించి రాయొచ్చని సంబరం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. నవ్వు కాదులే, మంట.

సంగతేందంటే, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో తాగునీటికి ఓవర్‌హెడ్ ట్యాంకులు కట్టబోతున్నారు. అంత బరువు మోసే పునాది పెట్టే ముందు ఆ చోట నేలలోకి బోరు దించి, రాయి ఎంత లోతులో ఉంది, ఎట్లాంటి రాయి అని చూస్తారు. గొట్టంలో కడ్డీ మాదిరిగా పైకొచ్చే రాతి ముక్కల్ని కోర్ అంటారు. వాటిని చెక్కపెట్టెలో వరసగా పేర్చి, ఏ లోతులో ఏముందో రాసే కాగితమే లాగ్. సైటు మీద ఉండే జియాలజిస్టులంతా మా పక్క పిల్లలే, తెలుగు మీడియంలో చదివినోళ్లు. డ్రిల్లింగు చేసేవాళ్లకు అసలే ఇంగ్లీషు రాదు. ఒకరు మొరం అని రాసినదాన్ని ఇంకొకరు మెత్తరాయి అంటారు, మూడోవాడు మట్టి అంటాడు. అందరూ ఒకే మాట రాయాలని తెలుగులో ఒక వివరాల పుస్తకం, దాంతోపాటు నమూనాకి ఒక నిజమైన లాగ్ కావాలన్నారు. నమూనాకి వాళ్లే ఒక పల్లె ట్యాంకు దగ్గర వేసిన బోరు ఎంచినారు.

రాయి చెడిపోవడానికి ఆరు మెట్లున్నాయి. చెడని రాయి, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. కొద్దిగా చెడిన రాయి, పగుళ్ల వెంట రంగు మారి ఉంటుంది. సగానికి లోపు చెడిన రాయి. సగానికి మించి చెడిన రాయి, దీంట్లో పెద్ద ముక్కని కూడా చేత్తో విరవొచ్చు. పూర్తిగా చెడినది, చూస్తే రాయి పోలికే, నలిపితే పిండి. చివరికి రాయి పోలిక కూడా పోయి ఉత్త మట్టి. నేను ఇట్లాగే రాసి పంపినాను. ఇంజనీరుకు నచ్చలేదు.

"మరీ నాటుగా ఉంది మేడమ్. అల్ప శిథిలం, అధిక శిథిలం అని పెట్టండి. ఫైలు పైకి పోతుంది కదా."

"ఫైలు పైకి పోతుంది సార్, మనిషి గుంత దగ్గరే ఉంటాడు కదా," అన్నాను. ఆయన నవ్వి, శిథిలాలే ఉంచమన్నాడు. సరే పోనీ అనుకుని పైన ఆయన మాట, కింద నా వివరణ పెట్టినాను. ఆ మాత్రానికి కొట్లాడే ఓపిక నాకు లేదు.

కానీ రాయిని చూడకుండా దాని వర్ణన తెలుగు చేయను. అది నా మొండితనం. ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి ఆ పల్లెకు పోయినాను. పత్తిచేన్ల నడుమ షెడ్డు, దాంట్లో కోర్ పెట్టెలు. ఆ బోరుకు లాగ్ రాసిన పిల్ల ఆడే ఉంది. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల, జియాలజీలో ఎమ్మెస్సీ. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ బోర్లు అయిపోతానే ఖాయం చేస్తామన్నారంట. వాళ్లమ్మ నడుము పోయి మగ్గం దిగేసింది, ఆ ఇంటికి ఈ పిల్ల ఉద్యోగమే దిక్కు. ఇదంతా ఆ పిల్ల గొంతు తగ్గించి, సిగ్గుపడతా చెప్పింది.

పెట్టె మూత తీసినాను. ముక్కలు ఒకదానికొకటి ఆనించి ముచ్చటగా నిండుగా ఉన్నాయి. నా చేతిలో ఉన్న ఇంగ్లీషు లాగ్ కూడా అట్లాగే ముచ్చటగా ఉంది. నాలుగున్నర మీటర్ల నుంచి తొమ్మిది దాకా గ్రానైటు, కొద్దిగా చెడినది, అంతే. ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. దాని కింది కొస పగిలినట్టు లేదు. గుండ్రంగా వంగి, బెల్లంరంగు పొర కట్టి ఉంది. ఆదోనిలో కొండ కింద పెరిగినదాన్ని, గుండు చర్మం ఎట్లుంటుందో నాకొకరు చెప్పాలా! చుట్టూ రాయంతా చెడి మొరమైపోతే నడుమ గట్టిగా మిగిలేదే గుండు. నేల పైన ఎట్లుంటాయో నేల లోపలా అట్లాగే ఉంటాయి.

"ఇది అడుగురాయి కాదు, గుండు. దీని కింద ఏమొచ్చింది పాపా?" అన్నాను.

"ఏమీ రాలేదక్కా," అంది. "ఆరు నుంచి ఏడున్నర దాకా జానెడు ముక్కలు కూడా దక్కలేదు. రాడ్డు సర్రున దిగిపోయింది, నీళ్లు ఎర్రగా తిరిగొచ్చినాయి. నేను అట్లే రాసినా. ఖాళీ వదిలి, లోతు రాసిన చెక్కముక్క కూడా పెట్టినా. కింద మళ్లీ గట్టిరాయి తగిలింది గానీ అది కూడా గుండేమో, ఇంగా కొంచెం లోతు పోదాం సార్ అంటే, మిషను ఇంకో బోరుకు గోనెగండ్ల పోవాలన్నారు."

"మరి ఖాళీ ఏదమ్మా?"

పక్కనే బీడీ కాలుస్తున్న డ్రిల్లరు నీళ్లు నమిలినాడు. "అదీ... ఫోటోకని దగ్గరికి జరిపినాం మేడమ్. ముందు సైటులో పెట్టె ఖాళీగా ఉందని సారు తిట్టినాడు, సగం కోర్ యాడ పారేసినార్రా అని. ఆ పొద్దు నుంచి యాడైనా ఇంతే, జరిపి నిండుగా పెడతాం."

అదీ వాళ్ల అలవాటు. దొంగతనం కాదు, తిట్లకు భయం. కోర్ దక్కలేదంటే ఆ లోతులో రాయి పిండయి నీళ్లలో కొట్టుకుపోయిందని; అదే అన్నిటికంటే పెద్ద వార్త, ఆ వార్తని వీళ్లు చేత్తో ముందుకు తోసి మూసేస్తారు. ఆఫీసులో కూర్చున్న ఇంజనీరేమో బాగా వచ్చిన కోర్‌నీ అసలు రాని కోర్‌నీ కలిపి సరాసరి తీసి, అంతా ఒకే వరుస చేసినాడు. డ్రిల్లరు మీద కోపం రాలేదు గానీ ఆయన మీద మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల నన్ను బస్సు దాకా సాగనంపింది. "అక్కా, తెలుగులోనైనా ఆ వరుస ఉంచుతావా? లాగ్ రాసింది నేనని నా పేరే ఏస్తారు. రేపు గుంత తవ్వితే ఇరుక్కునేది నేనే," అంది.

"ఉంచుతాలే," అన్నాను.

ఉంచినాను. ఇంటికొచ్చి ఇంజనీరుకు ఫోన్ చేసి చిలక్కి చెప్పినట్టు చెప్పి, తెలుగు లాగ్‌లో ఆ పిల్ల రాసిన వరుసనే పెట్టినాను. "ఆరు నుంచి ఏడున్నర మీటర్ల దాకా: కోర్ దాదాపు దక్కలేదు. రాడ్డు వేగంగా దిగింది. ఎర్రనీళ్లు. పూర్తిగా చెడిన రాయి కావచ్చు. పైన ఉన్నది గుండుగా అనుమానం." వివరాల పుస్తకంలో ఇంకో వాక్యం కలిపినాను: "పెట్టెలో ముక్కల్ని దగ్గరికి జరపకూడదు. దక్కని చోటు ఖాళీ వదిలి, లోతు రాసిన చెక్కముక్క పెట్టాలి."

మరుసటి రోజే ఆయన ఫోన్. "మేడమ్, మీ పని అనువాదం. జియాలజీ కాదు."

"రెండూ తెలుసు గనకనే కదా సార్ నన్ను పిలిచినారు?"

"ఇంగ్లీషులో లేనిది తెలుగులో ఎట్లా వస్తుంది?"

"సైటు మీద రాసినదాంట్లో ఉంది. మీరు తీసేసినారు."

ఫోన్ పెట్టేసినాడు. కొన్నాళ్లకు పుస్తకం అచ్చయి వచ్చింది. అల్ప శిథిలం, నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా. ఆ వరుస లేదు, జరపకూడదనే వాక్యం లేదు. అడుగున మాత్రం లాగ్ రాసినవారని ఆ పిల్ల పేరు, అనువాదమని నా పేరు భద్రంగా ఉన్నాయి. నా పేరు తీసేయమని ఉత్తరం రాసినాను. జవాబు లేదు. ఆ పిల్లయితే ఆ లాగ్ మీద సంతకం పెట్టనని సైటు మీదే చెప్పేసిందంట. ఏ పొద్దూ గట్టిగా మాట్లాడని పిల్ల! ఖాయం చేయడం సంగతి తర్వాత, రేపటి నుంచి రావద్దన్నారు. సంతకం లేకుండానే ఆ పేరుతో కాగితం పైకి పోయింది.

ఎండలు ముదిరినాక పునాది గుంత తవ్వినారు. నేను పనిగట్టుకుని పోయి చూసినాను. నాలుగున్నర మీటర్ల లోతుకు పోయేసరికి గుంతలో ఒక మూల గుండు, మిగతా అంతా ఎర్ర మొరం. జేసీబీ పక్కన గోకితే గుండు కదిలి దొర్లింది. దాని కింద తడి మొరం, పిడికిట్లో పట్టుకుంటే పిండి. పని ఆగిపోయింది. ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గుంత చుట్టూ నిలబడి చూస్తున్నారు, ఇంకా ఎన్నాళ్లు ట్యాంకరే గతి అని ఒకామె నన్నే అడిగింది. 

పైనుంచి వచ్చిన ఆఫీసరు అందరి ముందరా ఇంజనీరును అడిగినాడు, ఇట్లెట్లా జరిగిందని. ఆయన తడుముకోలేదు. "లాగ్ రాసిన అమ్మాయికి అనుభవం లేదు సార్. పైగా తెలుగులోకి మార్చడంలో కొంత గందరగోళమైంది."

నాకు తల కొట్టేసినట్టయింది. "నేను పంపిన తెలుగు నా దగ్గర ఉంది సార్, చూడండి," అని సెల్లు పట్టుకుని ముందుకు పోయినాను. ఆఫీసరు మర్యాదగానే, "తర్వాత చూద్దామమ్మా," అని కారెక్కినాడు. ఆ 'తర్వాత' అనేది ఈ రోజుకీ రాలేదు. ఛీ, ఏం మనుషులు!

మొన్న ఆ కంపెనీ నుంచే మళ్లీ ఫోన్ వచ్చింది. అదే ఇంజనీరు, గొంతులో తేనె. "మేడమ్, పుస్తకం సవరిస్తున్నాం. ముక్కలు జరపకూడదని అప్పుడేదో రాసినారు కదా, అది పెడదాం. ఆ కోర్ దక్కని వరుస కూడా నమూనాకి బాగుంటుంది."

నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. రేపు చెప్తానని పెట్టేసి, ఎమ్మిగనూరుకు ఫోన్ చేసినాను. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లోనే పక్కోళ్ల మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. అనుభవం లేదన్న మాట అప్పటికే అన్ని కంపెనీలకూ పాకింది, యాడ అడిగినా ఖాళీల్లేవంటున్నారు. సంగతి చెప్పినాను. అవతల రాట్నం చప్పుడు ఆగింది.

"ఇయ్యి అక్కా. ఇంగో పిల్ల ఆడ కూర్చుంటాది కదా, దానికి పనికొస్తాది," అంది. మళ్లీ రాట్నం అందుకుని, "తప్పు లాగ్‌కి నా పేరు పెట్టినారు. ఒప్పుదానికి ఎవురి పేరు పెడతారో సూసి నాకు సెప్పు," అంది.

అదే వరుస, అదే వాక్యం మళ్లీ పంపినాను. అడుగున లాగ్ రాసినవారని ఆ పిల్ల పేరు నా చేత్తోనే టైపు చేసినాను. నిన్న అచ్చు ప్రతి వచ్చింది. ఆరు నుంచి ఏడున్నర దాకా ఒక్క అక్షరం పోకుండా ఉంది. లాగ్ రాసినవారు అన్నచోట ఇంజనీరు పేరుంది.

ఆ పిల్లకు ఇంకా ఫోన్ చేయలేదు.